మీ రిఫరల్ లెటర్‌లో ప్రశ్న ఎక్కడుంది?

ప్రశ్న: సార్, ఉద్దానం వైపు ఒక పీహెచ్‌సీలో రెండేళ్లుగా మెడికల్ ఆఫీసర్‌గా చేస్తున్నాను. క్రియాటినిన్ పెరుగుతున్న ఒక పేషెంట్‌ను కిడ్నీ డాక్టర్ ఒపీనియన్ కోసం పెద్దాసుపత్రికి పంపాను. రెండు పేజీల లెటర్ రాశాను. ఏమీ వదల్లేదనే అనుకున్నాను. రోజంతా తిరిగి వచ్చిన ఆయన చేతిలోని చీటీ మీద "అవే మందులు వాడాలి, నెల తర్వాత రావాలి" అని తప్ప ఏమీ లేదు. నేను తెలుసుకోవాలనుకున్నదానికి జవాబే రాలేదు. పేరు కొట్టేసి లెటర్ కాపీ పంపుతున్నాను. హిస్టరీ, పరీక్షలు, అడగాల్సిన ప్రశ్న ఏ వరుసలో పెట్టాలి? ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: డాక్టర్ గారూ, మీ లెటర్ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఓపీ గదిలో కూర్చున్నవాడిలా, బయట ఇంకో అరవై మంది ఉన్నారనుకుని ఒక్క నిమిషంలో చదివాను. నాకు అర్థమైంది ఇంతే: షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్న 54 ఏళ్ల మనిషి, ఒకసారి చూడమంటున్నారు. రెండోసారి కాఫీ పెట్టుకుని తీరిగ్గా చదివితే అదే కాగితాల్లో వేరే మనిషి కనిపించాడు. అతని కంటి నరాలు బాగున్నాయి, మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోవడం లేదు, కిడ్నీలు చిన్నవైపోయాయి. సొంత అన్న డయాలసిస్ మీద ఉన్నాడు. నాలుగు నెలలు రోజూ నొప్పి మాత్రలు మింగాడు. ఈ రెండో మనిషిని చూపించడానికే మీరు పంపారు. అక్కడికి చేరింది మొదటి మనిషి. ఆ మొదటి మనిషికైతే "అవే మందులు, నెల తర్వాత రండి" అన్నది మరీ తప్పు జవాబేమీ కాదు.

వరుస సంగతికి ముందు, అందరం ఎక్కడ పడతామో చెప్తాను. ఎంబీబీఎస్‌లో మనకు నేర్పింది కేస్ షీట్ రాయడం. వచ్చిన బాధ, దాని కథ, పాత జబ్బులు, అలవాట్లు, కుటుంబం, జనరల్ ఎగ్జామినేషన్, సిస్టమ్స్, చివర డయాగ్నోసిస్. బెడ్ పక్కన నిలబడిన ప్రొఫెసర్ గారు మనం ఏదీ వదల్లేదని చూసుకోవడానికి అది సరైన వరుస. ఆయన చివరిదాకా వింటారు, వినడం ఆయన పని. లెటర్ చదివేవారి పరిస్థితి వేరు. పెద్దాసుపత్రిలో ముందు చదివేది సాధారణంగా పీజీ. అతను పై నాలుగు లైన్లు చూసి, కింద సంతకం చూసి, ప్రొఫెసర్ గారికి ఒక్క వాక్యంలో చెప్తాడు. ఆ వాక్యం మీరు రాసి ఇవ్వకపోతే అతనే తయారు చేసుకుంటాడు. మీ కేసులో అదే జరిగింది.

మీ మొదటి పేరా ఇలా ఉంది: "గౌరవనీయులైన సార్, ఈ పేషెంట్ 9 ఏళ్లుగా షుగర్, 3 ఏళ్లుగా బీపీ, డయాబెటిక్ నెఫ్రోపతీతో ఉన్నారు. తమరు పరీక్షించి, తగిన సలహా, చికిత్స ఇవ్వగలరని ప్రార్థన." మీరు రాసింది ఇంగ్లీషులోనే, నేను తెలుగులో చెప్తున్నాను. ఇందులో రెండు పొరపాట్లున్నాయి. "తగిన సలహా" అన్నది ప్రశ్న కిందికి రాదు, ఎవరికైనా రాయొచ్చు. అది చిన్నది. పెద్దది "డయాబెటిక్ నెఫ్రోపతీతో ఉన్నారు" అన్న మాట. అది మీరు చూసిన విషయం కాదు, ఎవరో ఎప్పుడో అనుకున్నది. పాత చీటీలో ఉంటే మీరు దించారు. నిజానికి మీ అనుమానమే అది కాదేమోనని! అలా అనుమానం వచ్చే మీరు పంపారు. మీ అనుమానాన్ని రెండో పేజీ అడుగున పెట్టి, మీరు నమ్మని డయాగ్నోసిస్‌ను మొదటి లైన్‌లో పెట్టారు. చదివినవారు మొదటి లైన్‌నే నమ్మారు.

కాబట్టి వరుస గురించి నేను చెప్పేది ఒకటే. లెటర్‌లో ప్రశ్న మొదట రావాలి, రాసే ముందు మీ మనసులో కూడా అదే మొదట తేలాలి. అది తేలితే హిస్టరీలో ఏది ఉండాలో, ఏది పోవాలో దానంతటదే తేలుతుంది. ప్రశ్నను చివర పెట్టాలనే సీనియర్లు ఉన్నారు, చదివేవారు ముందు కేసు తెలుసుకోవాలి కదా అంటారు. తీరిక ఉన్నచోట అది బాగానే ఉంటుంది. మన ఓపీల్లో పై నాలుగు లైన్లే చదువుతారన్న లెక్కతో రాయాలి.

ప్రశ్న ఎలా తేలుతుందంటే, మీ లెటర్ అంచున పెన్నుతో "1.7" అని ఒక అంకె రాసుంది. మొత్తం కాగితం మీద అన్నిటికన్నా విలువైన అంకె అదే. జూలై 8న క్రియాటినిన్ 1.9 వచ్చింది. మీరు ఆరోజే నొప్పి మాత్రలు ఆపించారు. పది రోజులకు మళ్లీ చేయిస్తే 1.7. అంటే కొంచెం దిగింది. నొప్పి మాత్రల పాత్ర కొంత ఉండి ఉంటుంది. కానీ జనవరిలో ఉన్న 1.3కి రాలేదు. అప్పుడు మిగిలిన పెరుగుదల దేనివల్ల? షుగర్ వల్లనా, ఉద్దానంలో కనిపించే ఆ కారణం తేలని కిడ్నీ జబ్బా, లేక మాత్రల దెబ్బ ఇంకా తగ్గుతూ ఉందా? ఇదే మీ ప్రశ్న. దీనికి పక్కనే ఇంకో చిన్న ప్రశ్న ఉంది. పొటాషియం 5.4 దాకా వెళ్లింది కాబట్టి టెల్మిసార్టాన్ ఉంచాలా, తగ్గించాలా. రెండు చాలు. మూడో ప్రశ్న రాస్తే మొదటిదానికి జవాబు రాదని నా అనుభవం.

ఇప్పుడు ఆ ప్రశ్నను పట్టుకుని మీ రెండు పేజీల్లోకి వెళ్దాం. ఒక్కో లైన్ దగ్గర ఆగి, ఇది తీసేస్తే కిడ్నీ డాక్టర్ జవాబు మారుతుందా అని అడగండి. హెర్నియా ఆపరేషన్ తీసేస్తే మారదు, తీసేయండి. ఆకలి, నిద్ర మామూలే అన్నది కూడా అంతే. "మూత్రం ధారగా వస్తుంది, రాత్రి ఒకసారే లేస్తారు" అన్నది ఉంచండి, దారిలో అడ్డు ఏమీ లేదని అది చెప్తుంది. ఊరు, పని ఉంచాలి. మామూలుగా ఆ వివరాలు అడ్రసులో పోతాయి, మీ దగ్గర మాత్రం అవి హిస్టరీలో భాగం. ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే మనిషి అంటే కిడ్నీ డాక్టర్ చెవులు నిక్కబొడుచుకుంటాయి. అక్కడి జబ్బులో మూత్రంలో ప్రోటీన్ తరచు తక్కువే ఉంటుంది, మీ పేషెంట్‌లోనూ తక్కువే ఉంది. అన్న డయాలసిస్ మీద ఉన్న సంగతి మీరు రెండో పేజీలో "ఫ్యామిలీ హిస్టరీ" కింద మూడు పదాల్లో రాశారు. అది పైకి రావాలి.

హిస్టరీలో అసలు కథ తేదీలది. "క్రియాటినిన్ పెరిగింది" అంటే చదివేవారికి ఏమీ తెలియదు. గత ఏడాది మేలో 1.1, ఈ జనవరిలో 1.3, జూలై 8న 1.9, జూలై 18న 1.7 అంటే ఒక గీత కనిపిస్తుంది. ఆ గీత పక్కనే మందుల తేదీలు పెట్టాలి. టెల్మిసార్టాన్ మూడేళ్లుగా ఉంది, కాబట్టి ఈ మధ్య పెరగడానికి అదొక్కటే కారణం కాకపోవచ్చు. డైక్లోఫెనాక్ మార్చిలో మొదలైంది, జనవరి అంకెకూ జూలై అంకెకూ మధ్యలో. ఇవి రెండూ కలిస్తే కిడ్నీ జల్లెడలోకి రక్తం వచ్చే దారి బిగుసుకుంటుంది, బయటికి పోయే దారి వదులవుతుంది, వడపోతకు కావాల్సిన ఒత్తిడి పడిపోతుంది. దానికి నీళ్ల బిళ్ల కూడా తోడైతే మరీ ప్రమాదం. మీరు రాసిన "నొప్పి మాత్రల వాడకం ఉంది" అన్న మాటలో ఇదేదీ లేదు. ఏ మాత్ర, ఎంత డోసు, రోజుకు ఎన్ని, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అన్నవే కావాలి. ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్ల పేర్లు తెలియకపోతే "పేరు తెలియని ఇంజెక్షన్లు, వారానికి రెండు, సుమారు నాలుగు వారాలు" అని రాయండి. ఆర్‌ఎంపీని తిట్టే మాట మాత్రం వద్దు. మీరు రాసిన ఆ వాక్యం నిజమే కావచ్చు, కానీ లెటర్ పేషెంట్ చేతిలో ఉంటుంది, ఇంట్లో చదివే పిల్లలుంటారు. రేపు మాత్రలు మానమని ఆ ఆర్‌ఎంపీ చేతే మీరు చెప్పించాల్సి రావచ్చు.

ఈజీఎఫ్‌ఆర్ రాశారు, మంచిదే. 1.9 దగ్గర 41, 1.7 దగ్గర 47 వస్తుంది. కానీ క్రియాటినిన్ కదులుతున్నప్పుడు ఆ లెక్క అంచనా మాత్రమే, నిలకడగా ఉన్నప్పుడే దాన్ని నమ్మొచ్చు. అందుకని క్రియాటినిన్ అంకెలే ముందు పెట్టి, ఇది పక్కన పెట్టండి. నాలుగు అంకెలు ఒకే ల్యాబ్‌వా, వేర్వేరువా అన్నది కూడా ఒక మాట. 1.1కీ 1.3కీ మధ్య ఉన్నంత తేడా ల్యాబ్ మారినా రావచ్చు. 1.3కీ 1.9కీ మధ్య ఉన్నంత తేడా అంత తేలిగ్గా రాదు.

తర్వాత పరీక్షలు. ఇక్కడ ఒక మాట దగ్గర కాసేపు ఆగాలి. మీరు "ఫండస్ నార్మల్" అని రాశారు. ఎవరు చూశారు? ఫోన్ చేసి అడిగితే కంటి క్యాంపులో చుక్కలు వేసి చూశారని చెప్పారు. ఆ మాట లెటర్‌లో లేకపోతే, పీహెచ్‌సీలో టార్చ్ వేసి చూశారేమోనని చదివేవారు అనుకుంటారు, దాన్ని లెక్కలోకి తీసుకోరు. మీ అనుమానానికి పెద్ద ఆధారం అదే. 9 ఏళ్ల షుగర్ కిడ్నీని ఇంత దెబ్బతీసి కంటి నరాలను వదిలేస్తే, వేరే కారణం వెతకాలనిపిస్తుంది. (రెండో రకం షుగర్‌లో కళ్లు బాగుండి కిడ్నీ పాడవడం లేకపోలేదు. అందుకే ఇది ఆధారం మాత్రమే, తీర్పు కాదు.) అలాగే "ప్రోటీన్ తక్కువ" అన్నారు. అది డిప్‌స్టిక్ మీద 1+, రెండుసార్లు. అలాగే రాయండి. ఆల్బుమిన్-క్రియాటినిన్ రేషియో మీ దగ్గర చేయరు కాబట్టి "ఏసీఆర్ చేయలేదు, ఇక్కడ సౌకర్యం లేదు" అని రాయండి. చేసి చూస్తే ఏమీ లేకపోవడం వేరు, అసలు చేయకపోవడం వేరు. లెటర్‌లో రెండూ ఖాళీగానే కనిపిస్తాయి. "చేయలేదు" అని చూస్తే ఆ పీజీ వెంటనే పరీక్ష రాస్తాడు. ఖాళీగా ఉంటే చేసే ఉంటారనుకుని వదిలేస్తాడు.

స్కానింగ్‌లో కిడ్నీల సైజు చివర ఎక్కడో ఉంది. కుడి 8.6, ఎడమ 8.8 సెంటీమీటర్లు. షుగర్ వల్ల పాడైన కిడ్నీ చాలాకాలం మామూలు సైజులోనే ఉంటుంది, ఒక్కోసారి పెద్దగా కూడా ఉంటుంది. క్రియాటినిన్ ఇంకా 1.7 దగ్గరే ఉండగా రెండూ ఇంత చిన్నగా ఉంటే, ఈ నాలుగు నెలల కన్నా ముందు నుంచే ఏదో జరుగుతోందని అర్థం. బయాప్సీ చేయాలా వద్దా అన్న ఆలోచనలో కూడా ఈ అంకెదే ముఖ్య పాత్ర, చిన్న కిడ్నీలో బయాప్సీ రిస్కు ఎక్కువ, తేలేది తక్కువ. ఆ అంకె కంటి పరీక్ష పక్కన ఉండాలి. గుండె చప్పుడు, ఊపిరితిత్తులు, పొట్ట అన్నీ మామూలే అని ఆరు లైన్లు రాశారు, అవన్నీ ఒక్క వాక్యంలో సర్దొచ్చు.

మీ అభిప్రాయం పరీక్షల తర్వాతే రావాలి, అదీ విడిగా, "నా అనుమానం" అని చెప్పి. చూసినది ఒక పేరాలో, అనుకున్నది ఇంకో పేరాలో ఉంటే, చదివేవారు మీతో ఏకీభవించకపోయినా మీ పరీక్షలు వాడుకోగలరు. ఆ రెండూ కలిసిపోతే ఏమవుతుందో "డయాబెటిక్ నెఫ్రోపతీ" అన్న రెండు మాటలు చూపించాయి.

ఇదే సమాచారంతో నేనైతే ఇలా రాస్తాను. ఇంగ్లీషులోకి మీరు మార్చుకోండి.

"ఒపీనియన్ కోసం. తొందర: రెండు వారాల్లోపు.

54 ఏళ్ల పురుషుడు, ఉద్దానం, కొబ్బరి తోట కూలీ. 14 నెలల్లో క్రియాటినిన్ 1.1 నుంచి 1.9కి పెరిగింది. నొప్పి మాత్రలు ఆపాక 1.7 దగ్గర ఉంది. ప్రశ్నలు: (1) దీన్ని షుగర్ వల్ల వచ్చిన కిడ్నీ జబ్బుగానే చూడాలా, వేరే కారణం వెతకాలా, బయాప్సీతో ఉపయోగం ఉంటుందా? (2) పొటాషియం 5.4 దాకా వెళ్లింది, టెల్మిసార్టాన్ 40 కొనసాగించాలా?

హిస్టరీ: షుగర్ 9 ఏళ్లు, బీపీ 3 ఏళ్లు. అన్న డయాలసిస్ మీద ఉన్నారు, కారణం తెలియదు. క్రియాటినిన్: గత మే 1.1, జనవరి 1.3, జూలై 8న 1.9, జూలై 18న 1.7. మొదటి రెండు ప్రైవేట్ ల్యాబ్, తర్వాతి రెండు ఏరియా ఆసుపత్రి. టెల్మిసార్టాన్ 40 మూడేళ్లుగా. డైక్లోఫెనాక్ 50 రోజుకు రెండు, మార్చి నుంచి జూలై 8 వరకు, మోకాళ్ల నొప్పికి. పేరు తెలియని ఇంజెక్షన్లు ఏప్రిల్‌లో, వారానికి రెండు. మూత్రం సాఫీగానే వస్తుంది, మూత్రంలో రక్తం, కాళ్ల వాపు లేవు.

చూసినవి: బీపీ 138/84, వాపు లేదు, మిగతా పరీక్ష మామూలు. పొటాషియం జూలై 8న 5.4, 18న 5.0. హెచ్‌బీఏ1సీ 7.6. హిమోగ్లోబిన్ 10.8. డిప్‌స్టిక్ రెండుసార్లు: ఆల్బుమిన్ 1+, రక్తం లేదు. కంటి క్యాంపులో చుక్కలు వేసి చూశారు, జూన్‌లో, రెటినోపతీ లేదు. స్కానింగ్: కుడి 8.6, ఎడమ 8.8 సెం.మీ., అడ్డు లేదు. ఏసీఆర్ చేయలేదు.

నా అనుమానం: పాత నెమ్మది జబ్బు మీద నొప్పి మాత్రల దెబ్బ. షుగర్ ఒక్కటే కారణం కాదనిపిస్తోంది.

చేసింది: డైక్లోఫెనాక్ ఆపాను. మెట్‌ఫార్మిన్ 1 గ్రాము రోజుకు రెండుసార్లు నుంచి 500 రోజుకు రెండుసార్లకు తగ్గించాను. టెల్మిసార్టాన్ మీ జవాబు వచ్చేదాకా అలాగే ఉంచాను. రెండు వారాలకోసారి క్రియాటినిన్, పొటాషియం ఇక్కడ చేయించగలను."

ఇది ఒక పేజీలో పడుతుంది. కింద నాలుగు అంగుళాలు ఖాళీ వదిలి "జవాబు:" అని రాసి, పక్కన మీ ఫోన్ నంబర్ పెట్టండి. పెద్దాసుపత్రిలో జవాబు రాయడానికి వేరే కాగితం వెతకరు, మీ కాగితం మీదే జాగా ఉంటే రాసే అవకాశం ఎక్కువ. ఆ ఆఖరి లైన్ కూడా ఊరికే పెట్టలేదు. రెండు వారాలకోసారి మీరు రక్తపరీక్ష చేయించగలరని తెలిస్తే, వాళ్లు మందు మార్చి మీ దగ్గరికే పంపడానికి ధైర్యం చేస్తారు. తెలియకపోతే ఆయన నెలనెలా బస్సెక్కాల్సిందే.

రాశాక ఒక పరీక్ష పెట్టండి. పై మూడు లైన్లు మాత్రం కనపడేలా కాగితం మడిచి మీ స్టాఫ్ నర్స్‌కు ఇచ్చి, ఇందులో ఏం అడిగానమ్మా అని అడగండి. "కిడ్నీ చూడమన్నారు" అంటే మళ్లీ రాయాలి. "షుగర్ వల్లనా కాదా అని, ఆ బీపీ మాత్ర ఉంచాలా అని" అంటే కవరులో పెట్టొచ్చు.

ఒక్కోసారి ప్రశ్నే తేలదు. అప్పుడు తెలివిగా కనపడే ప్రశ్న ఒకటి అల్లకండి. "ఈ మూడు విషయాలు ఒకదానితో ఒకటి కలవడం లేదు, నాకు అర్థం కాలేదు" అని రాసి ఆ మూడూ చెప్పండి. అది కూడా ప్రశ్నే. ఒపీనియన్ కోసమా, ఒక పరీక్ష చేయించడానికా, లేక ఇకపై వాళ్లే చూసుకోవాలనా అన్నది మాత్రం మొదటి లైన్‌లో ఉండాలి. ఇంకొకటి, ఇదంతా ఆగగలిగే కేసులకే. పొటాషియం 6.5 దాటినా, 6 దగ్గరే ఈసీజీ మారినా, మూత్రం ఆగిపోయి ఆయాసం వచ్చినా, రెండు లైన్లు రాసి 108 ఎక్కించి, వెళ్లేచోటికి ఫోన్ చేయండి.

లెటర్ ఎంత బాగున్నా ఓపీలో మాట్లాడేది పేషెంట్. "ఏంటయ్యా నీ బాధ?" అని అడగగానే ఆయన ఏమంటాడు? మోకాళ్ల నొప్పి సార్ అంటాడు. మోకాళ్లే ఆయన్ని బాధపెడుతున్నాయి, కిడ్నీ నొప్పి పుట్టదు కదా. అక్కడి నుంచి మాట మోకాళ్ల మీదికి పోతుంది, ఆర్థో ఓపీకి చీటీ వస్తుంది, సాయంత్రానికి సంచిలో మళ్లీ ఒక నొప్పి మాత్రల షీటు చేరుతుంది. అందుకని పంపే ముందు ఆయన్ని, వెంట వెళ్లే కొడుకునీ కూర్చోబెట్టి తెలుగులో చెప్పండి: "మిమ్మల్ని రక్తంలో కిడ్నీ అంకె ఎందుకు పెరిగిందో కనుక్కోవడానికి పంపుతున్నాను. ముందు ఈ కాగితం చేతికివ్వండి. మోకాళ్ల సంగతి తర్వాత చెప్పండి. ఎవరైనా నొప్పి మాత్ర రాస్తే, కిడ్నీ గురించి మేడం ఆపారని చెప్పండి." పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టి, డైక్లోఫెనాక్ ఖాళీ షీటు కూడా ఉంటే ఆ కవరులోనే వేయండి.